చార్జర్ వేడెక్కడం ఎప్పుడు మామూలు, ఎప్పుడు వెంటనే పీకెయ్యాలి?

ప్రశ్న: మాది రాజోలు సైడ్ అండి. మా బావగారు కువైట్ నుంచి 65 వాట్స్ చార్జర్ తెచ్చారు, పలక పిన్నుల రకం, కన్వర్టర్ పిన్ పెట్టి వాడుతున్నాం. ఫోన్ పెట్టిన అరగంటకే బాగా వేడెక్కిపోతోంది. అమ్మేమో పీకెయ్ పీకెయ్ అంటోంది, బావేమో ఫాస్ట్ చార్జర్లన్నీ అంతే అంటున్నారు. ఎవరి మాట కరెక్టు? ఏం కనిపిస్తే ఆపెయ్యాలి?

జవాబు:

ఇద్దరి మాటా సగం సగం కరెక్టే అండి. చార్జర్ డబ్బా మొత్తం సమానంగా వేడెక్కి, చేత్తో పట్టుకుని నెమ్మదిగా పది లెక్కపెట్టగలిగితే, ఫోన్ నిండేకొద్దీ ఆ వేడి తగ్గుతూ వస్తే అది మామూలు వేడే, బావగారి మాట నిజం. అలా కాకుండా ఫోన్ పెట్టకపోయినా వేడిగా ఉంటే, లేదా డబ్బా కంటే పిన్నుల దగ్గరో కేబుల్ మూతి దగ్గరో ఒక్క చోటే ఎక్కువ కాలుతుంటే, లేదా వాసన, చిటపట, రంగు మారడం, ఉబ్బడం, షాక్ వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఇంక ఆలోచించక్కర్లేదు, అమ్మగారు చెప్పినట్టు స్విచ్ ఆపి పీకెయ్యడమే. మీ విషయంలో నాకు అనుమానం చార్జర్ మీద కన్నా ఆ కన్వర్టర్ మీదే ఎక్కువ ఉంది, దాని దగ్గరికి వస్తాను.

నాది అమలాపురంలో ఎలక్ట్రానిక్స్ సర్వీసు పని అండి, చార్జర్లు, అడాప్టర్లు, ఇన్వర్టర్ బోర్డులు ఇవే రోజూ చూసేవి. చార్జర్ పట్టుకొచ్చిన ప్రతివాళ్లూ "ఎంత వేడెక్కితే ప్రమాదం అండి" అని అడుగుతారు, నేను మాత్రం ఎంత అన్నది తర్వాత చూద్దాం, ముందు ఎప్పుడు వేడెక్కుతోంది, ఎక్కడ వేడెక్కుతోంది చెప్పండి అంటాను. ఈ రెండూ తెలిస్తే థర్మామీటరు లేకుండానే దాదాపు తేలిపోతుంది.

అసలు వేడి ఎందుకొస్తుందంటే, గోడలోంచి వచ్చే 230 వోల్టుల ఏసీని చార్జర్ 5 వోల్టులకో 9 వోల్టులకో 20 వోల్టులకో డీసీగా మార్చాలి, ఆ మార్చడంలో కొంత పోతుంది, పోయిందంతా వేడే. పాత 10 వాట్ల చార్జర్ ఒకటి నూటికి 80 పాళ్లు పనిచేస్తుందనుకుంటే రెండున్నర వాట్లు లోపలే వేడిగా మిగిలిపోతాయి. మీ 65 వాట్లది మంచిదైతే నూటికి 90 పాళ్లు పనిచేస్తుంది, కానీ పూర్తి లోడు మీద ఉన్నప్పుడు ఏడు వాట్ల దాకా వేడి వస్తుంది, అదీ గుప్పెట్లో పట్టే డబ్బాలోంచి, దానికి ఫ్యానూ లేదు, గాలి పోయే రంధ్రమూ లేదు. ఆ వేడంతా పైనున్న ప్లాస్టిక్ గుండానే బయటికి పోవాలి కాబట్టి ఇప్పుడు గాలియం నైట్రైడ్ చిప్‌లతో వస్తున్న చిన్న సైజు గాన్ చార్జర్లు పాత పెద్ద డబ్బాల కంటే చేతికి ఎక్కువ వేడిగా తగులుతాయి. అందులో తప్పేం లేదు. ఇంకోటేంటంటే చార్జర్ మీద 65 అని రాసున్నంత మాత్రాన ఎప్పుడూ 65 వాట్లు ఇవ్వదు, ఫోన్ ఎంత అడిగితే అంతే ఇస్తుంది, మీ ఫోన్ 18 వాట్ల రకం అయితే చార్జర్ పెద్దగా వేడెక్కకూడదు కూడా, అదే చార్జర్‌కి లాప్‌టాప్ తగిలిస్తే గంటసేపు పూర్తి లోడు మీద నడుస్తుంది కాబట్టి బాగా వేడెక్కుతుంది.

ముందు "ఎప్పుడు" సంగతి. ఫోన్ బ్యాటరీ ఖాళీగా ఉన్నప్పుడు కరెంటు బాగా లాగుతుంది, సుమారు డెబ్బై ఎనభై శాతం దాటాక తగ్గించుకుంటూ వస్తుంది, బిందె నిండేటప్పుడు కుళాయి తిప్పి ధార సన్నం చేసినట్టు. కాబట్టి మొదటి అరగంట, నలభై నిమిషాలు చార్జర్ బాగా వేడిగా ఉండి, తర్వాత గోరువెచ్చగా అయ్యి, ఫోన్ నిండిపోయాక దాదాపు చల్లబడిపోవాలి. మీరు అరగంటకి వేడెక్కింది అన్నారు, సరిగ్గా ఎక్కువ వేడుండే టైమే అది, అందుకే ఆ ఒక్క మాటతో నేను చార్జర్ పాడైందని చెప్పలేను.

దీన్ని పరీక్ష చేయడం చాలా తేలిక. రాత్రి ఫోన్ పెట్టి పడుకునే అలవాటున్నవాళ్లు తెల్లారి లేవగానే, ఫోన్ పీకకముందే, వేళ్ల వెనకవైపుతో చార్జర్‌ని ఒకసారి తాకి చూడండి. ఫోన్ ఎప్పుడో నిండిపోయి ఉంటుంది కాబట్టి చార్జర్ గోడంత చల్లగానో, మహా అయితే కొంచెం వెచ్చగానో ఉండాలి. ఇంకో పరీక్ష, ఫోన్ ఏమీ తగిలించకుండా ఉత్త చార్జర్‌ని గంటసేపు స్విచ్ వేసి ఉంచండి. లోడు లేనప్పుడు మంచి చార్జర్ వాటులో పదో వంతో ఐదో వంతో మాత్రమే తింటుంది, దానికి వేడి చేతికి తెలియను కూడా తెలియదు. ఫోన్ లేకుండా చార్జర్ వేడెక్కుతోందంటే లోపల ఏదో లీకవుతున్నట్టు, అది ఇంక ఆ ఇంట్లో ఉండకూడదు.

అంబాజీపేట నుంచి ఒకావిడ తెచ్చిన చార్జర్ ఇలాంటిదే. ఫోన్ బాగానే ఎక్కుతోంది, స్పీడ్ కూడా తగ్గలేదు, కాకపోతే పొద్దున్న ఫోన్ తీసేశాక కూడా చార్జర్ వేడిగా ఉంటోందని ఆవిడకి అనుమానం వచ్చింది. పగలగొట్టి చూస్తే లోపల 400 వోల్టుల పెద్ద కెపాసిటర్ నెత్తి ఉబ్బిపోయి ఉంది, మామూలుగా అది చదునుగా, గీతలు కొట్టినట్టు ఉంటుంది. దాని పక్కనున్న ప్లాస్టిక్ గోధుమ రంగుకి తిరిగింది, బోర్డు మీద జిగురుగా కారిన మరక, చేప నీచు లాంటి వాసన. ఆ వాసన చాలామందికి ఫోన్ పక్కన పెట్టుకుని పడుకున్నప్పుడు వస్తుంది గానీ ఎక్కడి నుంచో తెలీక వదిలేస్తారు, మన వైపు చేపల వాసన కొత్త కాదు కదా. ఇంట్లో చేపలు వండని రోజు ప్లగ్ పాయింటు దగ్గర నీచు వాసన వస్తే, లేదా కాలిన వైరు వాసన వస్తే, చార్జర్ దగ్గరికి వెళ్లి చూడండి. ఇంకో మాట, నేను పగలగొట్టానని మీరు ఇంట్లో పగలగొట్టకండి, ఆ కెపాసిటర్ ప్లగ్ పీకాక కూడా కాసేపు 300 వోల్టుల చార్జి పట్టుకుని ఉంటుంది, తగిలితే మామూలు దెబ్బ కాదు.

ఇప్పుడు "ఎక్కడ" సంగతి, ఇదే ఎక్కువమంది చూడనిది. చార్జర్ సెట్టులో వేడెక్కే చోట్లు మూడు: డబ్బా, గోడ వైపు పిన్నులు, ఫోన్ వైపు కేబుల్ మూతి. డబ్బా వేడెక్కడం దాని పనిలో భాగం. మిగతా రెండూ ఉత్త లోహం లోహాన్ని తాకే చోట్లు, అక్కడ వేడి పుట్టడానికి కారణమే ఉండకూడదు, పుట్టిందంటే ఆ తాకడం సరిగ్గా లేదన్నమాట, లూజో, తుప్పో, కాలిన మసో.

ఫోన్ వైపు సంగతి ముందు చెప్తాను, ఎందుకంటే మన డెల్టాలో ఎక్కువ వచ్చేది అదే. మొగల్తూరు సైడు నుంచి రొయ్యల చెరువులున్న ఒకాయన వచ్చారు, చార్జర్లు రెండు మార్చాను, అయినా ఫోన్ సరిగ్గా ఎక్కట్లేదు, కేబుల్ ఊడదీస్తే మూతి చెయ్యి కాలుతోంది అన్నారు. చార్జర్ పట్టుకుని చూస్తే డబ్బా చల్లగానే ఉంది. కేబుల్ మూతి చూస్తే నల్ల ప్లాస్టిక్ ఒక మూల మెత్తబడి మెరుస్తోంది, ఫోన్ జాక్‌లోకి లైటు వేసి భూతద్దంతో చూస్తే మధ్య నాలుక మీద బంగారు రంగు గీతలు ఉండాల్సిన చోట ఒక పక్క ఆకుపచ్చగా, దాని పక్కది నల్లగా ఉంది. చెరువు గట్టు మీద తడి చేతుల్తో ఫోన్ పట్టుకుని, జేబులో వేసుకుని, రాగానే చార్జింగ్ పెట్టేయడం, ఇదీ జరిగింది. ఉప్పు నీటి చెమ్మ జాక్‌లో ఉండగా కరెంటు పెడితే ఆ పిన్ను మీదున్న బంగారు పూత తినేస్తుంది, పూత పోయిన చోట తుప్పు, తుప్పున్న చోట రెసిస్టెన్సు.

లెక్క వేసి చూపిస్తాను, ఒక్కసారి ఓపిగ్గా చూడండి. వేడి అంటే కరెంటుని కరెంటుతో గుణించి, దాన్ని రెసిస్టెన్సుతో గుణిస్తే వచ్చేది. ఆ ఫోన్ 3 ఆంపియర్లు లాగుతుంది, మంచి జాయింటులో రెసిస్టెన్సు చాలా తక్కువ, లెక్కలోకి రాదు. తుప్పు పట్టాక 0.2 ఓము అయిందనుకోండి, మూడు మూళ్లు తొమ్మిది, తొమ్మిదిని 0.2తో గుణిస్తే దాదాపు రెండు వాట్లు. ఏడు వాట్ల వేడి పెద్ద డబ్బాలో పరుచుకుంటే పర్లేదు గానీ రెండు వాట్లు గోరంత చోట పుడితే ప్లాస్టిక్ మెత్తబడిపోతుంది. ఇంకా 6 ఆంపియర్లు పంపే సూపర్ ఫాస్ట్ రకాలున్నాయి, వాటిలో కరెంటు రెట్టింపు కాబట్టి అదే తుప్పుకి వేడి నాలుగు రెట్లు. అందుకే ఫాస్ట్ చార్జింగ్ ఫోన్లకి చార్జర్ కంటే కేబుల్ మూతి మీదే ఎక్కువ కన్నుండాలి.

ఆయన ఫోన్‌కి ఏం చేశామంటే, ఆఫ్ చేసి, మెత్తటి బ్రష్‌కి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది జాక్ శుభ్రం చేసి ఆరబెట్టి చూశాం, ఆకుపచ్చ పోయింది గానీ నల్లబడిన పిన్ను కాలిపోయి ఉంది, చార్జింగ్ బోర్డు మార్చక తప్పలేదు. కేబుల్ కూడా పారేయించాను. ఇక్కడ ఒకటి గుర్తుపెట్టుకోండి, కాలిన జాక్‌లో కొత్త కేబుల్ పెడితే కొత్త కేబుల్ పిన్నులు కూడా పాడవుతాయి, కాలిన కేబుల్ మంచి ఫోన్‌లో పెడితే ఆ ఫోన్ జాక్ పాడవుతుంది, రెండిట్లో ఒక్కటి మార్చి ఊరుకుంటే మళ్లీ అదే కథ. ఫోన్ "తేమ ఉంది" అని హెచ్చరిక చూపిస్తుంటే దాన్ని తోసేసి చార్జింగ్ పెట్టకండి, ఫ్యాను కింద కొన్ని గంటలు ఆరనివ్వండి. హెయిర్ డ్రయ్యర్ వద్దు, గుండుసూది అసలే వద్దు. అంతర్వేది, ఓడలరేవు వైపు సముద్రం ఒడ్డునున్నవాళ్లకైతే చేతులు పొడిగా ఉన్నా గాలిలో ఉప్పే చాలు, వాళ్లు అప్పుడప్పుడూ జాక్‌లోకి లైటు వేసి చూసుకోవడం మంచిది.

సరే, ఇప్పుడు మీ కన్వర్టర్ పిన్ను. మన కోనసీమలో గల్ఫ్ వెళ్లినవాళ్లు లేని వీధి ఉండదు, ప్రతి ఇంట్లోనూ పలక పిన్నుల చార్జరొకటి, దాని వెనకాల బజార్లో కొన్న తెల్ల కన్వర్టర్ ఒకటి ఉంటాయి. కువైట్‌లో వాడే పిన్నులు బ్రిటన్ రకం, మూడు లావు పలకలు, అక్కడి సాకెట్లో గట్టిగా పట్టుకుంటాయి. అదే చార్జర్ మన చవక కన్వర్టర్‌లో పెడితే లోపల పల్చటి రేకు స్ప్రింగులు, అవి ఏ రకం పిన్నైనా పట్టాలని చేసినవి కాబట్టి ఏదీ గట్టిగా పట్టవు. దానికితోడు 65 వాట్ల చార్జర్ బరువుగా ఉంటుంది, గోడకి వేలాడుతూ కన్వర్టర్‌ని కిందకి లాగుతుంది, పైవైపు ఖాళీ వస్తుంది.

ఇక్కడ ఒక విషయం స్పష్టంగా చెప్పాలి. గోడ వైపు 230 వోల్టులు కాబట్టి కరెంటు చాలా తక్కువ, మీ 65 వాట్ల చార్జర్ పూర్తి లోడు మీద కూడా అర ఆంపియర్ అటూ ఇటూ లాగుతుంది. అంత చిన్న కరెంటుకి ఉత్త లూజు జాయింటు కాలేంత వేడెక్కదు. మరి పిన్నులు ఎందుకు కాలతాయంటే రెండు కారణాలు. ఒకటి, లూజు పిన్ను కదిలినప్పుడల్లా సన్నటి నిప్పురవ్వలు, చిట్ చిట్ అని వినిపిస్తుంది, చీకట్లో నీలంగా కనిపిస్తుంది కూడా. ఆ రవ్వ ఉన్న చోట లోహం కరిగేంత వేడి, ప్రతి రవ్వా కాస్త మసి మిగులుస్తుంది, మసి వల్ల ఇంకా రవ్వలు. రెండోది, అదే ఎక్స్‌టెన్షన్ బాక్సులో ఇస్త్రీ పెట్టెనో, ఇండక్షన్ స్టవ్వో, గీజరో పెట్టి ఉండటం. వెయ్యి వాట్ల ఇస్త్రీ పెట్టె నాలుగు ఆంపియర్లు దాటి లాగుతుంది, బాక్సు లోపలి రేకులో అర ఓము లూజుంటే చాలు, తొమ్మిది వాట్లు దాటి అక్కడే కాలుతున్నట్టు, ఆ వేడి పక్కనున్న మీ చార్జర్ పిన్నులకి పాకుతుంది. చార్జర్ పాపం ఏమీ చెయ్యలేదు, నింద దాని మీద పడుతుంది. ఇలా వచ్చినవాళ్లకి నేను కొత్త చార్జర్ అమ్మను, ముందు బాక్సు మార్చండి అంటాను.

కాబట్టి మీరు ఇలా చూడండి. అరగంట చార్జింగ్ అయ్యాక స్విచ్ ఆపి, చార్జర్ బయటకి లాగి, ముందు డబ్బాని, వెంటనే పిన్నుల్ని వేలి వెనకవైపుతో తాకండి. డబ్బా వేడి పిన్నుల్లోకి కొంచెం పాకుతుంది, కాబట్టి పిన్నులు వెచ్చగా ఉండటం మామూలే. కానీ డబ్బా కంటే పిన్నులే ఎక్కువ కాలుతుంటే తప్పు కన్వర్టర్‌లోనో సాకెట్లోనో ఉంది. పిన్నుల మీద నల్ల చుక్కలు, గుంటలు పడ్డట్టు మచ్చలు, కన్వర్టర్ కన్నాల చుట్టూ పసుపు గోధుమ రంగు ఉన్నాయేమో చూడండి. ఉంటే ఆ కన్వర్టర్ ఇవాళే పారేయండి, సాకెట్ కన్నాలు కూడా నల్లబడితే ఎలక్ట్రీషియన్ని పిలిచి సాకెట్ మార్పించండి, గీకి మళ్లీ వాడకండి. నా సలహా అయితే ఎలా చూసినా కన్వర్టర్‌తో రోజూ వాడటం మానేసి మన గుండ్రటి పిన్నుల చార్జరొకటి కొనుక్కోవడమే, బావగారు తెచ్చింది పారేయక్కర్లేదు, ఆయన తిరిగి వెళ్లేటప్పుడు తీసుకెళ్తారు.

వేడి కాకుండా మిగతా గుర్తులు, ఇవి కనబడితే పరీక్షలేమీ పెట్టుకోకుండా ఆపెయ్యాలి:

రంగు మారడం, ఉబ్బడం, అతుకు విచ్చుకోవడం. తెల్ల చార్జర్ ఒక్క చోట పసుపు తిరిగితే లోపల ఆ చోట ఎప్పటినుంచో కాలుతోందని అర్థం. మొత్తం సమానంగా పసుపైతే అది వయసు, ఎండ. చార్జర్ అతుకు దగ్గర సన్న సందు వచ్చి లోపల బోర్డు కనబడుతుంటే టేపు చుట్టి వాడేవాళ్లున్నారు, దయచేసి అలా చెయ్యకండి. ఆ సందులోంచి వేలు కాదు, చెమట చుక్క పోయినా చాలు, లోపల 325 వోల్టుల దాకా ఉంటాయి.

శబ్దం. చెవి దగ్గర పెడితే సన్నగా కూ అని వినిపించడం చాలా చార్జర్లకి ఉంటుంది, ముఖ్యంగా ఫోన్ నిండేటప్పుడు, అది ట్రాన్స్‌ఫార్మర్ చప్పుడు, పర్లేదు. గదిలో కూర్చున్నా వినబడేలా బుస్సుమనడం, చిటపటమనడం, టిక్ టిక్ అంటూ ఫోన్ చార్జింగ్ వచ్చి పోతుండటం మాత్రం ఆపాల్సినవే.

షాక్. దీని మీద భయం, నిర్లక్ష్యం రెండూ ఎక్కువే. రెండు పిన్నుల చార్జర్ పెట్టి ఉన్నప్పుడు ఫోన్ లోహపు అంచు మీద వేలు జారిస్తే సన్నగా జివ్వుమన్నట్టు, గరుగ్గా అనిపిస్తుంది. చార్జర్‌లో రెండు వైపులకీ మధ్య ఒక చిన్న కెపాసిటర్ కావాలనే పెడతారు, అందులోంచి వచ్చే అతి చిన్న కరెంటు అది, మంచి కంపెనీ చార్జర్లలోనూ ఉంటుంది. అయితే చెయ్యి లాగేసుకునేలా కొట్టినా, ఇన్నాళ్లూ లేనిది కొత్తగా మొదలైనా, కేబుల్ మూతి తాకితే కొట్టినా, అది వేరు. చవక నకిలీ చార్జర్లు విప్పితే 230 వోల్టుల వైపుకీ ఫోన్ వైపుకీ మధ్య బోర్డు మీద రెండు మూడు మిల్లీమీటర్ల ఖాళీ కూడా ఉండదు, మంచిదాంట్లో అంతకి రెట్టింపు పైన ఉంటుంది, మధ్యలో బోర్డు కోసి గాడి కూడా పెడతారు. వేడికి అక్కడ మసి కడితే గోడ కరెంటు నేరుగా ఫోన్‌లోకి, ఫోన్ పట్టుకున్న చేతిలోకి వచ్చేస్తుంది. మన ఇళ్లల్లో తడి నేల, చెప్పుల్లేని కాళ్లు మామూలే కాబట్టి ఈ విషయంలో నేను ఎవరికీ "ఇంకో వారం చూడండి" అని చెప్పను.

వరదలో మునిగిన చార్జర్. లంక గ్రామాల వాళ్ల కోసం చెప్తున్నాను. గోదావరి ఇంట్లోకి వచ్చి వెళ్లాక ఎండలో పెట్టిన చార్జర్లు "పనిచేస్తోంది కదండీ" అని వాడేస్తారు. చార్జర్ అతుకు వెల్డింగ్ చేసినట్టు మూసేసి ఉంటుంది, నీళ్లు ఆరతాయి గానీ లోపల ఒండ్రు మట్టి సన్నగా పూత పూసినట్టు ఉండిపోతుంది, శీతాకాలం మంచుకి అది మళ్లీ తడిసి కరెంటు పారడం మొదలుపెడుతుంది. ఎంత ఖరీదైనదైనా సరే, మునిగింది పారేయండి.

ఆపడం ఎలాగో కూడా చెప్పాలి, ఎందుకంటే కంగారులో అందరూ ముందు చార్జర్‌నే పట్టుకుంటారు. ముందు స్విచ్ ఆపండి, తర్వాతే ప్లగ్ పీకండి. ప్లాస్టిక్ కరిగి కారుతుంటే, స్విచ్ కూడా వేడిగా ఉంటే దాన్ని ముట్టుకోవద్దు, మెయిన్ దగ్గరికి వెళ్లి ఎంసీబీ దించండి. మంట కనబడితే నీళ్లు పొయ్యకండి, కరెంటు ఆపాక పొడి ఇసుక చల్లొచ్చు. చల్లబడ్డాక ఫోన్ సంగతి చూసుకోండి, వెనక అట్ట లేచినా, స్క్రీన్ ఒక పక్క పైకి వచ్చినా బ్యాటరీ ఉబ్బింది, దాన్ని ఇంకే చార్జర్‌కీ పెట్టకండి.

వేసవి గురించి ఒక మాట. చార్జర్ గది వేడి కంటే ఇన్ని డిగ్రీలు పైకి వెళ్తుంది, ఆ లెక్క పెద్దగా మారదు. జనవరి రాత్రి ఇరవై డిగ్రీల గదిలో 45కి వచ్చే చార్జర్, మే నెల మధ్యాహ్నం నలభై డిగ్రీల గదిలో 65కి వస్తుంది, చార్జర్‌లో ఏమీ మారలేదు. సాధారణంగా 35 నుంచి 40 డిగ్రీల గది దాకా వాడమనే కంపెనీలు చెప్తాయి, కాబట్టి రేకుల షెడ్డులోనో, చెరువు మీద మోటారు కొట్టులోనో ఎండాకాలం మధ్యాహ్నం ఫాస్ట్ చార్జింగ్ పెట్టకుండా పొద్దునో రాత్రో పెట్టుకోండి. దోమతెర కింద పరుపు మీద ఎక్స్‌టెన్షన్ పెట్టి, దాని మీద దుప్పటి పడితే జనవరిలో కూడా మే నెలే.

కరెంటు ఎక్కువ తక్కువల సంగతి కూడా చాలామంది అడుగుతారు. లేబుల్ మీద INPUT: 100-240V అని ఉంటే లో వోల్టేజీకి చార్జర్ ఏమీ అవ్వదు, కాస్త ఎక్కువ కరెంటు లాగి కాస్త ఎక్కువ వెచ్చబడుతుంది అంతే. అసలు దెబ్బ గాలివానప్పుడు, తుఫానప్పుడు కొబ్బరి మట్ట పడి న్యూట్రల్ వైరు తెగితే. అప్పుడు 230 రావాల్సిన ఇంట్లోకి 300, 350, ఒక్కోసారి 400 దాకా రావచ్చు. బల్బులు ఒక్కసారిగా తెల్లగా వెలిగిపోతే ఆ క్షణంలో మెయిన్ ఆపెయ్యాలి. ఆ దెబ్బకి చచ్చిన చార్జర్ల గొడవ లేదు, బతికినవాటి మీదే నాకు భయం, లోపల కెపాసిటర్ సగం దెబ్బతిని, నెలా రెండు నెలల తర్వాత లోడు లేకుండా వేడెక్కడం మొదలుపెడతాయి. అలాంటి రాత్రి దాటిన చార్జర్లని పైన చెప్పిన ఉత్త చార్జర్ పరీక్ష తప్పకుండా పెట్టండి, పక్కన మనిషి ఉండి చూస్తుండగా.

కొత్తది కొనేటప్పుడు డబ్బా మీద బీఐఎస్ గుర్తు, దాని దగ్గర IS తో మొదలయ్యే స్టాండర్డ్ నంబరు, R- తో మొదలయ్యే ఎనిమిది అంకెల నంబరు ఉంటాయి. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ R నంబరు కొడితే ఏ కంపెనీ పేరు మీద ఉందో చూపిస్తుంది, చార్జర్ మీదున్న పేరూ అక్కడి వివరాలూ కలవకపోతే తిరిగి ఇచ్చేయండి. గల్ఫ్ నుంచి వచ్చినవాటి మీద ఇది ఉండకపోవచ్చు, అంతమాత్రాన నకిలీ కాదు, అక్కడి అమ్మకానికి చేసింది కాబట్టి.

పాడైన చార్జర్ పారేసేటప్పుడు పిన్నులు పటకారుతో వంచెయ్యండి, లేకపోతే ఎవరో ఒకరు ఏరుకుని మళ్లీ ఇంట్లో పెడతారు.

మీరు ఇప్పుడు చేయాల్సింది, అరగంటకి డబ్బా, పిన్నులు రెండిట్లో ఏది ఎక్కువ వేడిగా ఉంది, ఫోన్ నిండాక వేడి తగ్గుతోందా, ఫోన్ లేకుండా గంట ఉంచితే ఎలా ఉంది, ఈ మూడూ చూసి ఇక్కడే రాయండి. కన్వర్టర్ కన్నాల ఫోటో కూడా పెట్టండి. అప్పటిదాకా రాత్రిళ్లు పడుకునే గదిలో మాత్రం దాన్ని పెట్టకండి, అమ్మగారికి కూడా నేను ఈ మాట చెప్పానని చెప్పండి.